మీటరు సీటీలు పెట్టించిన సంతకం

యాసంగి వరి పొట్ట మీద ఉన్నప్పుడు కేతేపల్లి దిక్కున ఒక సబ్‌స్టేషన్‌లో పదకొండు కేవీ ఫీడర్ సీటీలు కాలిపోయాయి. లైనులో పారే పెద్ద కరెంటును చిన్నది చేసి మీటరుకూ, బ్రేకర్‌ను కొట్టించి లైను ఆపే రిలేకూ పంపేవి అవి. అప్పుడు నేను టెస్టింగ్ ఇంజినీర్‌ని. స్టోరులో ఉన్నవి మీటరింగ్ సీటీలు మాత్రమే. రేషియో చూశాను, పొలారిటీ చూశాను, రెండూ సరిపోయాయి. మూడూ బిగించమని సంతకం పెట్టాను.

అక్కడి ఆపరేటర్ నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. సీటీ మీది ప్లేటు తుడిచి చదివాడు.

"మేడం, గిది మీటరుకు పెట్టే పాయింట్ ఫైవ్ క్లాస్. రిలేకు ఫైవ్ పీ గద గావాలె?"

వారంలో మంచివి తెప్పిస్తానన్నాను. పొలాలు ఎండుతున్నాయని రైతులు గేటు దగ్గరే కూర్చున్నారు.

ఆయన అడిగింది నాకు తెలియనిది కాదు. మీటరింగ్ సీటీ మామూలు కరెంటును తప్పు లేకుండా చూపుతుంది. ఫాల్ట్ వస్తే మీటరు కాలకుండా, ఐదింతలు దాటేసరికి దాని ఇనుము నిండిపోతుంది, అవతలికి సరిగ్గా ఏమీ పంపదు. రిలేకు కావలసింది అందుకు విరుద్ధం: పదింతలు వచ్చినా నిలబడాలి. దానికి తోడు యార్డు నుంచి కంట్రోల్ రూం దాకా పొడుగు కేబుల్. సీటీ పంపే ఐదు ఆంపియర్ల మీద ఆ తీగే అది మోయగల భారాన్ని మించిపోతుంది. అది నేను లెక్క వేయలేదు. ఇనుము ఎన్ని వోల్టుల దగ్గర నిండుతుందో చూసే ‘నీ-పాయింట్’ టెస్టూ చేయలేదు.

వారం దాటినా కొత్తవి రాలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

ఒక మధ్యాహ్నం గాలిదుమారానికి సబ్‌స్టేషన్ పక్కనే మూడు తీగలూ కొట్టుకున్నాయి. రిలే కదలలేదు. యార్డులో ఉన్న ఆపరేటర్ బ్రేకర్‌ను చేత్తో కొట్టడానికి పరుగెత్తాడు. చెయ్యి వేసేలోగా కేబుల్ బాక్స్ ఆయన ముందే పేలింది. ఆ తర్వాతే ట్రాన్స్‌ఫార్మర్ బ్రేకర్ పడి కరెంటు ఆగింది.

మరునాడు నేనే ఆ సీటీలకు వోల్టేజీ ఎక్కించి చూశాను. ఆ రిలేకు కనీసం ముప్ఫై అయిదు వోల్టుల దాకా నిలబడాల్సి ఉండగా, ఇవి ఇరవై దాటకముందే ఒరిగిపోయాయి. ఎక్కించిన వోల్టేజీ కొంచెం పెరిగితే లోపలికి లాక్కునే కరెంటు ఒక్కసారిగా ఎగబాకింది. అదే కాగితం మీద రాశాను. పెట్టించింది నేనేనని కూడా రాశాను.

హైదరాబాద్ దవాఖానలో నెలన్నర ఉన్నాడాయన. కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. చూడటానికి వెళ్తే ఆయన భార్య స్టూలు జరిపి పక్కకు తిరిగి కూర్చుంది.

"నేను జర గట్టిగ చెప్పాల్సి ఉండె, మేడం," అన్నాడాయన.

ఆ మాటకంటే ఆయన నన్ను తిట్టినా బాగుండేది. నాకు మెమో ఇచ్చి మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. ఆయనకు ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారు. ఎడమ చేత్తో సంతకం నేర్చుకుంటున్నాడని ఎవరో చెప్పారు. మళ్లీ వెళ్లి చూడలేదు నేను.