చదవకుండా తుడిచిన ఫైలు

కాడుగోడి ఆఫీసులో అత్తిబెలె ఫ్యాక్టరీ మీటర్ల రీడింగులు నేను చూసేవాణ్ణి. అవి రోజంతా పార్కే అనే ఫార్మాటులో చిన్న చిన్న డేటా ఫైళ్లుగా ఆ తేదీ ఫోల్డరులో చేరేవి. ఫైళ్లు పెరిగితే డేటా వెతికే క్వెరీలు నత్తనడకే. అందుకని రోజూ పొద్దున ఆరింటికి నిన్నటివన్నీ చదివి, ఒకే పెద్ద ఫైలుగా కలిపి, ఫోల్డరు ఖాళీ చేసి దాన్ని అందులో పెట్టే ప్రోగ్రాము, మా భాషలో జాబు, రాశాను.

ఒకరోజు ఫ్యాక్టరీలో నెట్ పోయి, ముందురోజు సాయంత్రం రావాల్సిన ఫైలు పొద్దున సరిగ్గా ఆ జాబు నడుస్తుండగా వచ్చింది. చదవడం అప్పటికే అయిపోవడంతో జాబు దాన్ని చదవలేదు, కానీ మిగతావాటితో పాటు తుడిచేసింది. ఎర్రర్ రాలేదు.

పక్క సీటు సీనియరు, ఈ ఊళ్లోనే పుట్టినాయన, నా కోడు చూశాడు. "చదివిండేవే తుడచాలప్పా. చదవంది నీకేం చేసింది?"

ఆ మాట ప్రకారమే మార్చాను. పంపేసిన రీడింగులను మీటర్లు దాచుకోవు. మా గ్రాఫులో ఆ సాయంత్రం ఫ్యాక్టరీ ఇప్పటికీ ఆగిపోయే ఉంది.