మౌస్ పక్కన పెట్టండి

ఆ మెయిల్ రాసింది నేనే. రాయడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. పంపే ముందు రెండుసార్లు చదువుకుని, బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా.

అప్పటికి నేను తిరుపతిలో ఒక రక్తపరీక్షల, స్కానింగుల కేంద్రానికి ఆఫీస్ మేనేజరుగా వచ్చి నాలుగు నెలలు. అంతకు ముందు చిత్తూరులో వాళ్ళదే చిన్న బ్రాంచిలో ఉండేవాణ్ణి. అక్కడ ఒకటే కౌంటరు, ఇక్కడ నాలుగు. నాలుగింటిలోనూ ఒకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. కానీ ఎవరికి వాళ్ళు తమ కంప్యూటర్లో నచ్చినట్టు షార్ట్‌కట్లు పెట్టుకున్నారు. ఒకటో కౌంటర్లో ఎఫ్ నైన్ నొక్కితే బిల్లు సేవ్ అవుతుంది. మూడో కౌంటర్లో అదే ఎఫ్ నైన్ నొక్కితే బిల్లు రద్దవుతుంది. ఒక పొద్దున సెలవులో ఉన్నామె బదులు మూడో కౌంటర్లో కూర్చున్న ఒకటో కౌంటరు అమ్మాయి, అలవాటు కొద్దీ ఎఫ్ నైన్ నొక్కి వరసగా రెండు బిల్లులు రద్దు చేసేసింది. ఆ బిల్లుల పేషెంట్లు ఇద్దరూ లోపల చెయ్యి చాపి కూర్చున్నారు. రక్తం తీసేవాళ్ళ తెర మీద వాళ్ళ పేర్లు లేవు. పరగడుపున వచ్చినవాళ్ళు, గంట సేపు అట్లాగే కూర్చుండిపోయారు.

అందుకని మెయిల్ రాశాను. సోమవారం నుంచి అన్ని కౌంటర్లకూ ఒకటే పద్ధతి. కొత్త బిల్లుకు ఎఫ్ టూ. పాత పేషెంటును ఫోన్ నంబరుతో వెతకడానికి ఎఫ్ త్రీ. పరీక్ష చేర్చడానికి ఎఫ్ ఫోర్. సేవ్ చెయ్యడానికి కంట్రోల్ ఎస్, ప్రింటుకు కంట్రోల్ పీ. సొంతంగా పెట్టుకున్నవన్నీ తీసేస్తాము. అంతవరకూ రాసి ఆపి ఉంటే సరిపోయేది. పొద్దున ఏడింటికల్లా క్యూ వాకిలి దాటి మెట్ల మీదికి పోతోందని పై ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు. ఆ విసుగులో కింద ఇంకో పేరా చేర్చాను. కొందరు ప్రతి పనికీ మౌస్ మీదే ఆధారపడుతున్నారు, దాని వల్లే ఆలస్యం, ఆ అలవాటు మానుకోవాలి, మౌస్ పక్కన పెట్టండి, అని.

కొందరు అని రాశాను గానీ నా మనసులో ఉన్నది ఒక్కరే. రెండో కౌంటర్లో కూర్చునే ఆవిడ. నాకంటే పదేళ్ళు పెద్దది. అందరూ అక్క అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె మాత్రం నన్ను సార్ అనేది. సొంతూరు నగరి. పుట్టినిల్లూ మెట్టినిల్లూ మగ్గాల మీద బతికిన ఇళ్ళు. భర్త పోయాక తిరుపతి వచ్చి, కంప్యూటర్ నేర్చుకుని, ఇక్కడ చేరింది. తెలుగూ తమిళమూ రెండూ ఇంట్లో మాటలే గనక పుత్తూరు, నగరి, తడ వైపు నుంచి వచ్చేవాళ్ళు పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా ఆమె దగ్గరే నిలబడేవాళ్ళు.

ఆమె నిజంగానే మెల్లగా చేసేది. ప్రతి కౌంటర్లోనూ రెండు తెరలుంటాయి, ఒకటి మా వైపు, ఒకటి పేషెంటు వైపు. ఇక్కడ ఏం కదిలినా అక్కడ కనిపిస్తుంది. ఆమె మౌస్‌తో పరీక్షల జాబితా తెరిచి, ఒక్కోటీ ఎంచి, సేవ్ చేసే ముందు బాణం గుర్తును ఒక్కో వరస కిందా మెల్లగా జరుపుతూ చదివి చెప్పేది. ఇది రక్తంలో సక్కెర, ఇది కడుపు స్కానింగు, అని. అవతలివాళ్ళకు చదువు రాకపోయినా ఆ బాణం వెంట చూపు నడిచేది. "ఇది మొన్ననే చేసినారు కదమ్మా" అని ఎవరో ఒకరు రోజూ అనేవాళ్ళు. నేను ఇదంతా చూశాను. చూసి, బిల్లుకు ఎంతసేపు పడుతోందా అని మాత్రం లెక్కపెట్టాను.

మెయిల్ చదివి ఆమె నా గదికి వచ్చింది.

"సార్, బటన్లు నేర్చుకుంటా, అదేం పెద్ద పని కాదు. కానీ మౌస్ లేకుంటే వాళ్ళకెట్ల సూపించేది?"

"చూపించడం ఎందుకక్కా? తెర వాళ్ళ ముందే ఉంది కదా, చూసుకుంటారు."

"అందరికీ సదువు రాదు కద సార్."

"వచ్చినవాళ్ళ కోసం రానివాళ్ళు, రానివాళ్ళ కోసం వచ్చినవాళ్ళు ఆగితే క్యూ ఎట్లా కదులుతుంది?"

ఆ మాట నాకే అర్థం లేనిదిగా తోచింది. ఆమె మాత్రం తల ఊపి వెళ్ళిపోయింది.

వారం చూశాను. మిగతా ముగ్గురూ మారారు. ఆమె బటన్లు నొక్కుతూనే, చివర్లో మళ్ళీ మౌస్ పట్టుకునేది. రెండో సోమవారం పొద్దున కౌంటర్లు తెరవక ముందే నాలుగు మౌసులూ ఊడదీసి నా గదిలో బీరువాలో పెట్టాను. సాఫ్ట్‌వేర్ మొత్తం కీబోర్డుతోనే నడుస్తుంది, టాబ్ నొక్కితే ఒక గడి నుంచి ఇంకో గడికి పోతుంది, ఏ ఇబ్బందీ లేదని అందరినీ నిలబెట్టి చెప్పాను. ఆమె కీబోర్డు పక్కన ఒక కాగితం ముక్క అంటించుకుంది. ఎఫ్ టూ, ఎఫ్ త్రీ అని ఇంగ్లీషులో, ఎదురుగా తెలుగులో. పది రోజులకు ఆ కాగితం చూడటం మానేసింది. నెల తిరక్కుండా ఆమె వేగం అందరితో సమానమైంది. క్యూ వాకిలి లోపలే ఆగింది. మీటింగులో ఆమెను మెచ్చుకున్నాను. ఆమె నవ్వలేదు.

తరవాత ఒక శుక్రవారం, నగరి నుంచి ఒక పవర్‌లూమ్ కార్మికుడు భార్యను తీసుకొచ్చాడు. ఆమెకు కుడి పక్కటెముకల కింద నొప్పి, తింటే వాంతులు. ఊళ్ళో డాక్టరు పొట్ట పైభాగం అల్ట్రాసౌండు స్కానింగు రాశాడు. ఆ స్కానింగుకు కడుపు ఖాళీగా ఉండాలి, ఆమె ఏమీ తినకుండానే వచ్చింది.

ఆ బిల్లు ఎలా తయారైందో నేను తరవాత సాఫ్ట్‌వేర్ రికార్డులో చూశాను. ఎఫ్ ఫోర్ నొక్కి యూ, ఎస్ అని రెండక్షరాలు కొడితే స్కానింగుల జాబితా తెరుచుకుంటుంది. ఆ కంప్యూటర్లో చివరగా ఏది ఎంచారో అదే పైన వస్తుంది. అంతకు ముందు అక్కడ వేసిన బిల్లు పొత్తికడుపు స్కానింగుది. అక్క రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కింది. కంట్రోల్ ఎస్, కంట్రోల్ పీ. పొట్టకు బదులు పొత్తికడుపు పడింది.

పొత్తికడుపు స్కానింగుకు మూత్రాశయం నిండి ఉండాలి. లోపలివాళ్ళు ఆమెను నీళ్ళు తాగమన్నారు, తాగింది. ఆ రద్దీలో వాళ్ళు బిల్లు చూశారే గానీ డాక్టరు చీటీ చూడలేదు. నొప్పి ఉన్న చోటు కాకుండా కింద చూసి, అంతా బాగుందని రిపోర్టు ఇచ్చారు. నగరిలో ఆ డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు. ఆయన రిపోర్టు చూసి, నేను రాసింది ఇది కాదు, అని మళ్ళీ పంపాడు. అప్పటికి ఎనిమిది రోజులు.

మళ్ళీ వచ్చినప్పుడు ఆమె కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. భర్త భుజం పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చాడు. ఈసారి సరైన స్కానింగు చేశారు. పైత్యరసం పోయే నాళంలో రాయి అడ్డుపడి ఉంది. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు.

ఆయన నా గది ముందు నిలబడ్డాడు. కేకలు వేస్తాడనుకున్నాను, వెయ్యలేదు.

"వారం ముందే తెలిసేదంట కద సార్" అన్నాడు. "యాడ తప్పు జరిగినాదో చెప్తారా?"

"విచారిస్తాం" అన్నాను.

పైనుంచి సంజాయిషీ అడిగారు. బిల్లు వేసిన సిబ్బంది అజాగ్రత్త, అని రాశాను. మౌసుల సంగతి రాయలేదు. అక్కను పిలిచి మెమో చేతికిచ్చాను. నిలబడే చదివి, సంతకం పెట్టి, కాగితం బల్ల మీద పెట్టింది.

"తప్పు నాదే సార్" అంది. "కానీ ఒక మాట. ఆ యమ్మ నన్ను అడిగింది, ఏం రాసినావు పాపా అని. తెర సూడమ్మా అని చెప్పినాను. ఏ వరస సూడాలో ఆ యమ్మకేం తెలుసు? పది మంది నిలబడుండారు. నేను ఎంటర్ కొట్టేసినాను."

నేను ఆ మెమో తీసి ఫైల్లో పెట్టాను. కూర్చోమని కూడా అనలేదు. ఆ నెలాఖరుకు ఆమె రాజీనామా ఇచ్చింది. వద్దని నేను అనలేదు, అంటే మెమో వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని.

ఆ కార్మికుడి భార్య బతికింది. రాయి తీశారు గానీ లోపల చీము పట్టి ఆసుపత్రిలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. నేను ఫోన్ చేసినప్పుడు ఆమె భర్త చెప్పాడు, మగ్గం కాడ నిలబడే ఓపిక ఇంకా రాలేదని. ఫోన్ ఎందుకు చేశారని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

తరవాత రెండో మెయిల్ రాశాను. షార్ట్‌కట్లు అలాగే ఉంటాయి. జాబితాలో పై వరస తనంతట తాను ఎంపిక కాకుండా సాఫ్ట్‌వేరువాళ్ళతో మార్పించాము. మౌసులు తిరిగి ఇస్తున్నాము, సేవ్ చేసే ముందు ప్రతి పరీక్షనూ పేషెంటు తెర మీద చూపించి చదివి చెప్పాలి. మొదట రాసినప్పుడు ఇంకో వాక్యం ఉండింది. ఈ పద్ధతి మన రెండో కౌంటర్లో ఏళ్ళ తరబడి ఉండేది, దాన్ని మాన్పించింది నేను, అని. పంపే ముందు ఆ వాక్యం తీసేశాను. అందరూ ఓకే సార్ అని జవాబిచ్చారు. వారం పాటు చూపించారు. తరవాత క్యూ పెరిగిన రోజుల్లో మానేశారు.

అక్కకు ఫోన్ చేశాను. ఆమె నగరి వెళ్ళిపోయి, తమ్ముడి షెడ్డులో చీరలు మడతపెట్టే పని చేస్తోందట. వెనక మగ్గాల మోతలో మాట సరిగా వినిపించలేదు. ఆమె బయటికి వచ్చి మాట్లాడింది.

"రాండక్కా, మౌసులు మళ్ళీ పెట్టేశాం. మీ పద్ధతే ఇప్పుడు రూలు."

"మంచి పని చేసినారు సార్."

"మరి వస్తారా?"



"వద్దు సార్. చివర్లో చివర్లో నాకూ అదే అలవాటైపోయినాది. మనిషి మొకం సూసేలోపలే చెయ్యి ఎంటర్ కొట్టేస్తాంది. మౌస్ ఇచ్చినంత మాత్రాన అది పోదు."

అట్లా అనకండక్కా, అన్నాను. లోపల ఎవరో పిలుస్తుండారు, ఉంటా సార్, అంది.