ఉత్తరాల పెట్టె తాళం

నిర్జలా గురుంగ్ మా గదిలో చేరేనాటికి నేను టోక్యోలో తొమ్మిదేళ్లుగా ఉన్నదాన్ని. అన్నీ నాకే తెలుసన్న పొగరు నాది. ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు, ఊరు మా నేపాల్‌లోని లమ్‌జుంగ్. పొద్దున జపాను భాష బడి, సాయంత్రం అన్నం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీ, అదీ చదువు వీసా కదా, వారానికి ఇరవై ఎనిమిది గంటలు దాటకుండా. వీసా పొడిగించమని దరఖాస్తు పెట్టిన రోజునుంచి దానికి తిండి సయించలేదు.

రోజుకు ఏడుసార్లు కిందికి దిగి ఉత్తరాల పెట్టె తెరిచేది.

"పెట్టె అరిగిపోతుందే తల్లీ!" అని కసిరాను.

"గుండె దడదడలాడుతోంది దిదీ. పొమ్మంటే అమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

వాళ్లమ్మతో మాత్రం వీసా ఎప్పుడో వచ్చేసిందని చెప్పేసింది. ఒక అబద్ధం, దాన్ని కాయడానికి రోజుకో ఫోను.

తాళం లాక్కున్నాను. "రోజుకొక్కసారి నేనే చూస్తా. నువ్వు వేళకు తిను, పడుకో, ఆదివారం నాతో నది గట్టున నడు." పది రోజుల్లో మొహం తేటపడింది. పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూరతో మా గుండ్రుక్ పులుసు కాచి, ఊరి కబుర్లు చెప్పి నవ్వేది కూడా. నా వైద్యం భేష్ అనుకున్నాను.

మా నేపాలీలలో ఒక నమ్మకం ఉంది. వీసా ఆఫీసునుంచి కార్డు ముక్క వస్తే గట్టెక్కినట్టు, కవరు వస్తే మూట సర్దుకోవాల్సిందే. దశైన్‌కు, అంటే మా దసరా పండగకు, వారం ముందు కవరు వచ్చింది. నాకా జపాను భాష మాట్లాడటమే వచ్చు, వాళ్ల అక్షరాలు రావు. పండగపూట పిల్లను ఏడిపించడం ఎందుకులే అని బియ్యం డబ్బా వెనక దాచాను.

పెద్దలు నుదుట టీకా బొట్టు పెట్టి దీవించే పండగ రోజు ఫోన్‌లో తల్లి దీవెనలు విని, నిర్జల మనసారా నవ్వింది. మర్నాడు కవరు చేతిలో పెట్టాను. చదివి, గోడమీది క్యాలెండర్‌లో ఒక తేదీ మీద వేలు పెట్టింది.

"కాదనలేదు దిదీ. వేసవిలో నాకు జ్వరం వచ్చినప్పుడు బడి హాజరు ఎందుకు తగ్గిందో రాసి, డాక్టరు కాగితం పంపమన్నారు. గడువు మొన్నటితో అయిపోయింది."

అయ్యో, నా చేతులు విరగ!

పరుగున బడికి వెళ్లి, తల్లికి చెప్పిన అబద్ధంతో సహా అంతా చెప్పాం. ఆఫీసులో కుసాకా మేడమ్ అప్పటికప్పుడు వీసా ఆఫీసుకు ఫోన్ చేసి అడిగింది. "ఇంకా తేల్చలేదట. ఇవాళే ఇస్తే తీసుకుంటారు. మాట మాత్రం ఇవ్వరు," అని, నిర్జల వైపు తిరిగింది. "ప్రతి గురువారం ఇక్కడ కౌన్సెలర్ ఉంటుంది, వచ్చి మాట్లాడు. ఇంటికి మాత్రం నిజం చెప్పు." నిర్జల కారణం రాసి, జ్వరం నాటి డాక్టరు కాగితం జతచేసింది; ఆలస్యం నావల్లేనని నేను రాసి, సంతకం పెట్టాను.

వరండాలోంచే తల్లికి ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆవిడ గొంతు వినబడింది: "మూడు నెలలుగా నీ గొంతే చెబుతోందే నువ్వు బాగాలేవని. ఇప్పటికైనా చెప్పావు, ఇవాళ నిద్రపోతాను."

ఇంటికి రాగానే నిర్జల చెయ్యి చాపింది. "తాళం ఇవ్వు దిదీ. రోజుకొక్కసారే చూస్తా. కానీ నేనే చూస్తా."

జవాబు ఇంకా రాలేదు. పిల్ల తింటోంది, గురువారాలు వెళ్లివస్తోంది. అది మెట్లు దిగిన చప్పుడు వినబడితే చాలు, నాకు ముద్ద గొంతు దిగడం లేదు.