నోటెడ్ అని పెట్టాను

వీరభద్రయ్యగారి మెయిల్ అంటే మా డయాలసిస్ యూనిట్‌లో అందరికీ నవ్వే. నాలుగు ముక్కల్లో తేలిపోయే విషయాన్ని ఆయన నాలుగు పేరాలు రాస్తారు. తేదీ, టైము, మెషీన్ నంబరు, ఎవరికి ఫోన్ చేయాలి, చేస్తే వాళ్లు ఎత్తకపోతే ఇంకెవరికి చేయాలి, అన్నీ ఉంటాయి. నర్సు క్రిస్టినా వాటికి హరికథ అని పేరు పెట్టింది. ఆ పేరును ఊరంతా మోసింది మాత్రం నేనే.

విజయవాడలో మాదొక ప్రైవేటు ఆసుపత్రి. కిడ్నీలు పనిచేయనివాళ్లకు రక్తం శుభ్రం చేసే మెషీన్లు పది ఉన్నాయి. పొద్దున ఆరింటికి, పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి మూడు షిఫ్టులు. ఒక్కొక్కరికి నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. ఇన్‌ఛార్జి వీరభద్రయ్యగారు, ఆయన కింద నేను. నా పేరు రామకోటేశ్వరరావు. నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్దవారైనా ఆయన నన్ను ఏనాడూ గారు లేకుండా పిలవలేదు.

ఆయనది పెడన. ఇంట్లో మగ్గం శబ్దం వింటూ పెరిగారు. వాళ్ల నాన్న భోజనానికి లేచేటప్పుడు, పోగు ఎక్కడ తెగిందో అక్కడ ఎర్ర దారం ముక్క కట్టి లేచేవారట. వెనక కూర్చునేవాళ్లు వెతుక్కోకూడదని. ఈ సంగతి మాకు కనీసం ముప్పై సార్లు చెప్పారు. వినీ వినీ విసుగొచ్చి, ఆయన మొదలుపెట్టగానే నేను చేతులతో దారం ముడి వేస్తున్నట్టు నటించేవాణ్ణి. ఆయన కూడా నవ్వేవారు. నేను ఎగతాళి చేస్తున్నానని తెలిసే నవ్వేవారని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆయన జేబులో చిన్న నోటుబుక్కు ఒకటి ఉంటుంది. అందులో ఏ పేషెంటు ఏ బస్సుకు వస్తారో, తిరిగి ఏ బస్సుకు వెళ్లాలో రాసుకుంటారు. మైలవరం నుంచి వచ్చే ఇశ్రాయేలుగారి బస్సు తప్పిపోతుందని పొద్దున మొదటగా ఆయన్నే మెషీన్ ఎక్కించేవారు. అందుకు వీరభద్రయ్యగారికి ఎవరూ జీతం పెంచలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన పెట్టిన సిక్ లీవులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

జూలైలో ఒక బుధవారం, తెల్లవారి ఆరింటికి పది నిమిషాల ముందు ఆయన మెయిల్ వచ్చింది. డాక్టరుగారికీ హెచ్ఆర్‌కీ రాసి, నాకు కాపీ పెట్టారు. నేను అప్పుడే బండి స్టాండు వేస్తున్నాను. ఫోన్ మీద మొదటి లైను కనిపించింది. రాత్రి నుంచి నూటరెండు జ్వరం, వాంతులు, ఈ రోజు రాలేను, నా బదులు రామకోటేశ్వరరావుగారు చూసుకుంటారు. అంతవరకే కనిపించింది. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్లి పిల్లదాన్ని దంతాల డాక్టరుకు చూపించాలనుకున్నాను. కిందికి జరిపితే మిగతా హరికథ ఉంటుందని తెలుసు. తెరవకుండానే, ‘నోటెడ్ సర్, టేక్ కేర్’ అని పెట్టేశాను.

పదకొండింటికి చల్లపల్లి నుంచి సుబ్బరత్నంగారు వచ్చారు. అరవై ఏళ్లుంటాయి. కోడలు శ్రీదుర్గ చేయి పట్టుకుని నడిపిస్తోంది. ఆమెవి మంగళ, గురు, శని వారాలు. నా చేతిలో ఉన్న బుధవారం జాబితాలో ఆమె పేరు లేదు.

"నిన్న రాలేకపోయానయ్యా. వీరభద్రయ్యగారు రాత్రి ఫోన్ చేసి ఇవాళ రమ్మన్నారు," అంది ఆమె.

ఆయన సెలవులో ఉన్నారని, అలాంటిదేమీ నాకు చెప్పలేదని అన్నాను. రేపు మీ రోజే కదా, రేపు రండమ్మా అన్నాను. శ్రీదుర్గ ఏదో అడగబోయింది. నేను అప్పటికే పక్కకు తిరిగాను. ఆరో నంబరు మెషీన్ ఖాళీగా ఎందుకుందో కూడా ఆలోచించలేదు. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే ఒకాయన, సాయంత్రం బదులు ఇప్పుడే ఎక్కించమని పొద్దుటి నుంచి బతిమాలుతున్నాడు. నాకు తెలిసినవాడు. ఆయన్ని ఆరో నంబరు మీద ఎక్కించి మంచిపని చేశాననుకున్నాను. సాయంత్రం ఒక మనిషి తగ్గాడు, నేను త్వరగా వెళ్లవచ్చు.

రెండింటికి వీరభద్రయ్యగారు ఫోన్ చేశారు. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. యూనిట్ ఎలా ఉందని అడగలేదు.

"సుబ్బరత్నంగారు ఎక్కారాండీ?"

"ఎక్కారండీ. బాగానే నడుస్తోంది," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆలోచించి చెప్పిన అబద్ధం కాదది. మనిషి జారిపడేటప్పుడు చేయి ఎక్కడో పట్టుకున్నట్టు నోటికొచ్చేసింది. ఆయన హమ్మయ్య అని ఫోన్ పెట్టేశారు. ఆ హమ్మయ్య విన్నాక స్టోర్ రూములోకి వెళ్లి, తలుపు వేసుకుని, ఎనిమిది గంటల తరవాత ఆ మెయిల్ తెరిచాను.

ఆయనది ఇంగ్లీషు మెయిల్. తెలుగులో చెబుతాను. జ్వరంతో డయాలసిస్ పేషెంట్ల మధ్యకు రావడం మంచిది కాదు కనుక రావడం లేదని రాశారు. ఆ తరవాత ‘ఈ రోజే జరగాల్సినవి’ అని రెండు. మొదటిది, సుబ్బరత్నంగారు పదకొండింటికి వస్తారు. నిన్నటి డయాలసిస్ తప్పింది. గత వారం రక్తపరీక్షలో పొటాషియం ఎక్కువ వచ్చింది, అది గుండెకు ప్రమాదం, కనుక రేపటిదాకా ఆపవద్దు. ఆరో మెషీన్ ఖాళీగా ఉంచాను. రాత్రి ఫోన్‌లో అనుకున్నది కాబట్టి జాబితాలో పేరు లేదు, దయచేసి చేర్చండి. కోడలి నంబరు ఇది. రెండోది, నీళ్ల ప్లాంటు చూసే మనిషి మూడింటికి వస్తాడు, వచ్చినప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి. కింద ‘రేపు చేసినా పరవాలేదు’ అని స్టాకు లెక్క. ఆఖరున, సందేహం ఉంటే ఎప్పుడైనా నాకు ఫోన్ చేయండి, మెలకువగానే ఉంటాను.

చదవడానికి నిమిషం పట్టలేదు. హరికథ అన్నది దీన్నే.

శ్రీదుర్గకు ఫోన్ చేశాను. అప్పుడే ఇంటికి చేరారట. అత్తయ్యకు ఆయాసంగా ఉంది, కాళ్లలో సత్తువ లేదంటోంది అని చెప్పింది. నేను డాక్టరుగారి గదికి పరుగెత్తాను. అక్కడైనా నిజం చెప్పానా అంటే లేదు. సమాచారం అందడంలో కొంచెం తేడా వచ్చింది సర్ అన్నాను. మెయిల్ డాక్టరుగారికీ వెళ్లిందని నాకు తెలుసు. పొద్దుటి నుంచి వార్డులోనే తిరుగుతున్న ఆయన దాన్ని చూశారో లేదో నేను అడగలేదు. ఆయన నా ముఖం వైపు ఒక్క క్షణం చూసి ఫోన్ అందుకున్నారు. చల్లపల్లిలో దగ్గరలో ఉన్న డాక్టరుతో మాట్లాడి, ముందు ఈసీజీ తీయించి, ఇంజెక్షన్ ఇప్పించి, అప్పుడు అంబులెన్సు ఎక్కించే ఏర్పాటు చేశారు.

ఆ మూడు గంటలు నేనెలా గడిపానో చెప్పడం అనవసరం. ఆమెకు ఏమైనా అయితే ఆ పాపం నాదే, మరెవరి మీదికీ నెట్టడానికి లేదు. ఆరో నంబరు మీద ఇబ్రహీంపట్నం ఆయన హాయిగా నిద్రపోయి లేచి, చాలా థాంక్సండీ కోటేశ్వరరావుగారూ అని వెళ్లాడు. నేను తల ఊపాను.

అయిదున్నరకు అంబులెన్సు వచ్చింది. ఇబ్రహీంపట్నం ఆయన ఖాళీ చేసిన సాయంత్రపు చోటే ఆమెకు దక్కింది. ఆరూ పదికి మెషీన్ మీద ఎక్కించాం. సూదులు నేనే పెట్టాను. గంట గడిచాక ఆమె ఊపిరి కుదుటపడింది. కళ్లు తెరిచి నన్ను చూసింది.

"మీరు మాత్రం ఏం చేస్తారు బాబూ. ఆయన చెప్పకపోతే మీకెట్టా తెలుస్తది?"

నాకు చెప్పారమ్మా, రాసి మరీ చెప్పారు, నేను చూడలేదు. ఈ మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. పక్కన శ్రీదుర్గ నిలబడి ఉంది. నేను బీపీ మళ్లీ చూసి, చార్టులో రాసి, అవతలి మంచం దగ్గరికి వెళ్లాను. నా పరువు కోసం వీరభద్రయ్యగారి మీద పడ్డ మచ్చను అలాగే ఉండనిచ్చాను. ఆ రోజు చేసినవాటిలో నాకు ఎక్కువ సిగ్గు దీనికే.

శుక్రవారం ఆయన వచ్చారు. కాస్త చిక్కారు. రాగానే రిజిస్టరు తిరగేశారు. బుధవారం పేజీలో సుబ్బరత్నంగారి పేరు పక్కన ఆరూ పది అని నా అక్షరాలే ఉన్నాయి. ఆయన వేలు అక్కడ ఆగింది. నేను అడుగుతారని ఎదురుచూశాను, అడిగితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన పేజీ తిప్పి, శనివారం ఆవిడ బరువు జాగ్రత్తగా చూడండి, నీళ్లు ఎక్కువ తాగుతోంది అన్నారు. హెచ్ఆర్ నుంచి నాకు ఏ కాగితమూ రాలేదు. దారం ముడి వేసే నా నటన మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది.

నవంబరులో ఒక పొద్దున అయిదూ నలభైకి ఫోన్ మోగింది. వీరభద్రయ్యగారు. మాట కంటే దగ్గు ఎక్కువగా వినిపిస్తోంది.

"మళ్లీ పడ్డానండీ. మెయిల్ పెట్టాను. మీరు బండి మీద ఉంటారేమో, ఒకసారి చదివి వినిపిస్తాను."

చదవడం మొదలుపెట్టారు. తేదీ చదివారు. నా బదులు రామకోటేశ్వరరావుగారు చూసుకుంటారు అని చదివారు. ఈసారి కూడా నా పేరే. మొదటి పని చదువుతూ మధ్యలో దగ్గి, ఆగి, విడిచిన చోటి నుంచి మళ్లీ చదివారు. జ్వరంలో ఉన్న మనిషి నా కోసం ఒక్కొక్క లైనూ చదువుతుంటే భరించలేకపోయాను.

"వీరభద్రయ్యగారూ, ఆ రోజు మీ మెయిల్ నేను చదవలేదండీ. ఎక్కారని మీకు అబద్ధం చెప్పాను."



"తెలుసండీ. ఆ సాయంత్రమే శ్రీదుర్గ ఫోన్ చేసింది," అన్నారు. "రెండోది చెబుతున్నాను, పెన్ను ఉందా?"

జేబులు తడుముకున్నాను. పెన్ను దొరికింది, కాగితం దొరకలేదు. చెప్పండి అని, అరచేతిలో రాసుకున్నాను.