డబ్బా ఏ గడిలోకి వెళ్లాలి?

ఒకటో తరగతి టీచరమ్మ ఆదివారమంతా నేల మీద కూర్చుని ఆ చార్టు తయారు చేసింది. మూడు గడులు: దొర్లేవి, జారేవి, ఒకదానిమీద ఒకటి నిలిచేవి. గీతలు ఆవిడ గీస్తే, బొమ్మలు కత్తిరించింది ఆవిడ భర్త. ఒక్కో బొమ్మ ఒక్కో గడిలో అంటిస్తే సరి, అయిపోయినట్టే అనుకుంది.

సోమవారం తరగతిలో నున్నటి చెక్కను రెండు ఇటుకల మీద ఏటవాలుగా పెట్టింది. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన వస్తువులతో బల్ల నిండిపోయింది. బంతి దొర్లింది. సబ్బు పెట్టె జారింది. అంతవరకూ బాగానే ఉంది. పాలపొడి డబ్బా దగ్గరే వచ్చింది చిక్కు. డబ్బా బొమ్మను ముగ్గురు పిల్లలు మూడు గడుల వైపు లాగారు. బొమ్మ చిరిగింది, ఒకడు ఏడుపందుకున్నాడు.

"ఒక వస్తువు ఒక గడిలోనే ఉండాలి," అని గొంతు పెంచింది టీచరమ్మ. "డబ్బా దొర్లుతుంది. అంతే."

ప్రతిదానికీ వాదిస్తుందని అందరూ 'ప్లీడరు' అని పిలిచే పిల్ల లేచింది. డబ్బాను పడుకోబెట్టి చెక్క మీద వదిలింది, దొర్లింది. నేల మీద నిలబెట్టి తోసింది, జారింది. దానిమీద ఇంకో డబ్బా పెట్టింది, కదలకుండా నిలిచింది.

"ఇప్పుడు చెప్పండి టీచర్, ఎక్కడ అంటించాలి?"

టీచరమ్మకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు, తన మీదే. ఇంత చిన్న విషయం తోచలేదేమిటి? పైగా పక్క తరగతి మాస్టారు తలుపులోంచి తొంగిచూసి, "కాస్త నెమ్మదిగా కానివ్వండమ్మా," అన్నాడు.

ఆవిడ చార్టు చుట్టి మూలన పడేసింది. నల్లబల్ల మీద కొత్తగా గీసింది: ఎడమవైపు వస్తువుల బొమ్మలు, పైన మూడు ప్రశ్నలు. దొర్లుతుందా? జారుతుందా? దీనిమీద ఇలాంటిదే ఇంకొకటి నిలుస్తుందా? అవునంటే టిక్కు, కాదంటే ఖాళీ. బంతికి ఒక్క టిక్కు. పెట్టెకు రెండు. డబ్బాకు మూడూ పడేసరికి క్లాసంతా చప్పట్లు. శంఖువు ఆకారంలో ఉన్న చెక్క బొమ్మను పడుకోబెట్టి తోస్తే, తిన్నగా పోకుండా మొన చుట్టూ గుండ్రంగా తిరిగింది. అడుగు మీద నిలబెడితే జారింది. మొన మీద మాత్రం ఏదీ నిలవలేదు. దానికీ రెండు టిక్కులు.

సాయంత్రం ఇంటికి రాగానే భర్త అడిగాడు. "చార్టు ఎలా ఉందన్నారు?"

"పనికిరాలేదు."

"ఆదివారమంతా కత్తెర పట్టుకు కూర్చున్నానే!"

"నేనేం నిద్రపోయానా?" అని విసుక్కుంది ఆవిడ. చెప్పులైనా విప్పకుండా కొత్త అట్ట పరిచింది. "స్కేలు ఇటివ్వండి. ఈసారి గడులు ఎక్కువ కావాలి."

ఆయన గొణుక్కుంటూనే స్కేలు అందించాడు.