అడుగున నాలుగు వేళ్లు

కోడుమూరులో మా ఇంట్లో కూర్చుని నేను తయారుచేసిన కంప్యూటర్ ఆటను చూసి మొదట అలిగిన మనిషి, ఆ ఆటకు బొమ్మలు వేసినాయనే.

ఆయన మా వీధి చివరి ఇంట్లో ఉండే బోర్డుల పెయింటరు. నేను పుట్టకముందు నుంచీ ఊళ్లో అంగళ్ల పేర్లు, గోడల మీద విత్తనాల ప్రకటనలు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన్ను పిలిచేవాళ్లు లేకపోయారు. మాది సేద్యం ఇల్లు, వాళ్లది సాయిబుల ఇల్లు, వరసలు మాత్రం తాతల నాటివి. నాకాయన మామ.

బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి నేను చేస్తున్న ఆట చాలా చిన్నది. మిద్దె మీంచి చూస్తున్నట్టు సంత కనిపిస్తుంది. తప్పిపోయిన గొర్రెల కోసం ఒక కాపరి జనం మధ్య, బండ్ల మధ్య, వేపచెట్ల మధ్య తిరుగుతాడు. ప్రోగ్రాం రాయడం నాకు వచ్చు. బొమ్మ మాత్రం, గుర్రం గీస్తే గాడిద అవుతుంది, గాడిద గీస్తే అదీ కాదు. మామను అడిగాను. కళ్లు కనపడవన్నాడు, చెయ్యి వణుకుతుందన్నాడు, వారం రోజులు ఏదో ఒకటి చెప్పాడు. తర్వాత ఒక పొద్దున తనే వచ్చి నా ముందు ఒక కాగితం పెట్టాడు. నెమరు వేస్తున్న గొర్రె. దాని మొహం చూసి నాకు నవ్వాగలేదు. అప్పటినుంచి ఐదు నెలలు రోజూ ఏదో ఒకటి గీసి తెచ్చాడు. నేను వాటిని ఫోటో తీసి, వెనక కాగితం తెలుపు కనపడకుండా చేసి, ఆటలో పెట్టుకుంటూ పోయాను.

ఒక మంగళవారం అన్నీ కలిపి ఆయనకు చూపించాను. కాపరి ఎద్దుల బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. నిలబడితే బండే అతని మీదికొచ్చి మెడ దాకా కప్పేసింది. చెట్టు వెనక ఉండాల్సిన గొర్రె కొమ్మల మీద అంటించినట్టు కనపడింది. మామ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నా కాపరి బండి కింద పడినాడే పాపా," అన్నాడు. శుక్రవారం నమాజు అయినాక తనతో బ్రష్షు పట్టిన ముగ్గురు పాత పెయింటర్లను చూడ్డానికి రమ్మన్నాడట. "వాళ్లకు ఇదేనా చూపియ్యల్ల? చెయ్యి పోయిందనుకుంటారు. నాకొద్దులేమ్మా ఈ పని."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తప్పు బొమ్మలది కాదు, కంప్యూటరు వాటిని గీసే వరసది అన్నాను. అంతటితో ఊరుకోవాల్సింది. "నీకు చెప్పినా అర్థం కాదులే మామా," అని కూడా అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వంటింటి గడప దగ్గర నిలబడి విన్న మా అమ్మ, ఐదు నెలలు ఊరికే గీసిచ్చిన మనిషితో మాట్లాడే తీరా అది అని తిట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ వెంటనే వెళ్లి తప్పైందని చెప్పేంత మంచిదాన్ని కాదు నేను.

నిజానికి విషయం పెద్దది కాదు. ముందేది, వెనకేది అన్నది కంప్యూటరుకు తెలియదు. మనమిచ్చిన వరసలో ఒకదాని మీద ఒకటి గీసుకుంటూ పోతుంది, తర్వాత గీసింది ముందు గీసినదాన్ని కప్పుతుంది. మామ ఏ బొమ్మ ఎప్పుడు తెచ్చాడో ఆ వరసలోనే నేను పెట్టాను. కాపరి ముందు వచ్చాడు, బండి తర్వాత వచ్చింది. అందుకే బండి ఎప్పుడూ పైనే. కొమ్మల మీద కనపడిన ఆ గొర్రె, చెట్టు తర్వాత తెచ్చినది. సరే అని కాపరిని అందరికంటే చివర గీయించాను. అప్పుడు అతను చెట్టు వెనక్కి పోయినా చెట్టు మీదే కనపడ్డాడు. తెర మీద పైనున్నది దూరం కదా అని, బొమ్మ పై అంచు ఏ ఎత్తులో ఉందో చూసి, పైనున్నవి ముందు గీసేలా వరస పెట్టాను. చెట్టు పొడుగు కదా, దాని పై అంచు ఎక్కడో పైనుంటుంది, కాబట్టి అదే ముందు గీయబడి మళ్లీ కాపరి దాని మీదికెక్కాడు. బుధవారమంతా ఇలాగే గడిచింది.

గురువారం పొద్దున మొహం చెల్లకపోయినా మామ ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని బ్రష్షులన్నీ పాత పేపరులో చుట్టి దారం కడుతున్నాడు. ఎవరికో ఇచ్చేస్తాడట.  తప్పైంది మామా అన్నాను. ఆయన దారం కడుతూనే ఉన్నాడు. గోడ మీద జనం గుంపును వేసేటప్పుడు ఎవరిని ముందు వేస్తావని అడిగాను. ముడి వేసి కట్టను పక్కన పెట్టాడు.

"దూరంగా ఉండేటోళ్లను ముందు వేస్తాం. దగ్గరోళ్లను ఆ పైన. తలకాయలు చూసి లెక్కెయ్యగూడదు పాపా, పొడుగోడు మోసం చేస్తాడు. కాళ్లు చూడల్ల. ఎవుని కాళ్లు కిందికుంటే వాడు ముందున్నట్టు."

నిన్నంతా నేను తలకాయలే చూశాను. పరుగున ఇంటికొచ్చాను. తెర మీద ఎత్తును కంప్యూటరు పై నుంచి కిందికి లెక్కపెడుతుంది. ప్రతి బొమ్మ అడుగు అంచు ఎక్కడుందో చూసి, తక్కువ అంకె ఉన్నవి ముందు, ఎక్కువ ఉన్నవి తర్వాత గీయమన్నాను. అందరూ కదులుతుంటారు కాబట్టి తెర మారిన ప్రతిసారీ ఆ వరస కొత్తగా పెట్టుకోమన్నాను. రాస్తే నాలుగే లైన్లు. కాపరి బండి ముందు కుదురుగా నిలబడ్డాడు.

చెప్పకుండానే నా వెనకే వచ్చిన మామ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. "ఆ గొర్రె యాడికి పోయ?" అన్నాడు. వేపచెట్టు మొదలు ముందుకొచ్చిన గొర్రె మాయమైంది. నేను చెట్టు బొమ్మను పెద్దది చేసి చూశాను. వేరు కింద ఖాళీ. గొర్రె బొమ్మలోనూ కాళ్ల కింద ఖాళీ. ప్రతి కాగితంలోనూ అడుగున నాలుగు వేళ్ల జాగా వదిలేశాడు మామ. ఆటలో గొర్రెను బాగా చిన్నది చేశాను కాబట్టి దాని కింద జాగా కూడా చిన్నదైంది. చెట్టు పెద్దగానే ఉంది కాబట్టి దాని కింద పెద్ద జాగా మిగిలింది. దాంతో చెట్టు ఉన్నచోటు కంటే ముందుకొచ్చి నిలబడినట్టు లెక్కపడింది.

ఎందుకు వదిలావని అడిగాను. గోడకైనా బోర్డుకైనా అడుగున నాలుగు వేళ్లు వదలకపోతే వానకు బురద చింది అక్షరాలు పోతాయని, తన గురువు నేర్పిన పద్ధతని చెప్పాడు. కోడుమూరులో వాన ఎన్నిసార్లు పడుతుంది మామా అన్నాను. మంగళవారం తర్వాత మొదటిసారి నవ్వాడు.

ఆ జాగా కత్తిరించేద్దామంటే, ఎద్దులు విప్పిన బండి కాడి చక్రం కంటే కిందికి వాలి ఉంది. అంచును నమ్మే పని కాదు. ప్రతి బొమ్మా నేలను తాకే చోటు విడిగా గుర్తు పెట్టాలి. ఆ మధ్యాహ్నమంతా మామ నా పక్కనే కూర్చుని ఒక్కో బొమ్మకూ వేలు పెట్టి చూపించాడు. "ఈడ తగుల్తాండాది నేల," అంటాడు, నేను అంకె వేసుకుంటాను. చెట్టుకు మొదలు, బండికి చక్రం, కుండల దొంతరకు అడుగు కుండ. సాయంత్రం అసర్ నమాజు వేళకు ఒక్క మేకపిల్ల మిగిలింది. అది గెంతుతున్న బొమ్మ, నాలుగు కాళ్లూ గాల్లోనే ఉన్నాయి. దాని నీడ పడే చోట గుర్తు పెట్టమన్నాడు.

శుక్రవారం ముగ్గురూ వచ్చారు. నేను ఆట తెరిచాను. కాపరి వేపచెట్టు వెనక్కి వెళ్లాడు. మనిషంతా దాగిపోయి కర్ర కొస మాత్రం కనపడింది, అటువైపు నుంచి బయటికొచ్చి గొర్రెల ముందు నిలబడ్డాడు. వచ్చినవాళ్లలో పెద్దాయన తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"చెయ్యి అట్లే ఉండాదప్పా నీది," అన్నాడు.

మామ మంచినీళ్లు తాగొస్తానని వంటింట్లోకి పోయి, ఎంతకీ రాలేదు.

సోమవారం కొత్త కాగితం తెచ్చాడు. చంకలో రాయని బోర్డు, చెవి మీద బ్రష్షు పెట్టుకున్న ముసలి పెయింటరు. కాళ్ల దగ్గర, నేల తగిలే చోట, చిన్న ఎర్ర చుక్క. దాని కింద మళ్లీ నాలుగు వేళ్ల జాగా. ఆటలో వాన పడదని నేను చెప్పలేదు. సంతలో ఈయన్ను ఎక్కడ పెట్టమంటావని అడిగాను. మామ వేలు తెర మీద కిందికి, ఇంకా కిందికి జరిపి, చివరి అంచు దగ్గర ఆపాడు.

"ఈడ. ఈడ నిలబడితే ఎవురూ కప్పరు గదా నన్ను?"

"కప్పరు మామా," అన్నాను.