ఎదుటి బోర్డు మీది ధర

"వాడు నిన్ను ముంచడానికే తగ్గించాడని ఎవరు చెప్పార్రా నీకు?" అని కొట్టు లెక్కలు చూసే అక్క అడిగింది. సిమెంటాయన చూపంతా రోడ్డుకు అవతల ఉన్న తమ్ముడి సిమెంటు కొట్టు మీదే ఉంది. అక్కడ బోర్డు మీద సుద్దముక్కతో రాసి ఉంది: బస్తా 335.

ఈయన రాసింది 375. రవాణా, దింపుడు కూలీ కలిపి ఇద్దరికీ బస్తా 352 పడుతుంది. ప్రతి ఉదయం ఆటో డ్రైవరును పంపి తమ్ముడి ధర కనుక్కోవడం ఆయన అలవాటు. ఆ రోజూ పంపాడు. డ్రైవరు అంకె తెచ్చాడు, అంతే. ఆ ధర ఏ బస్తాకో, ఎన్ని ఉన్నాయో, ఇంటికి చేరుస్తారో లేదో అడగమని ఈయన చెప్పలేదు.

నాలుగు రోజులు ఆగమంది అక్క. మన మేస్త్రీలు అప్పు దొరుకుతుందనీ, లోడు సమయానికి వస్తుందనీ మన దగ్గర కొంటున్నారు గానీ బోర్డు చూసి కాదు అంది. ఆయన చెవిన పెట్టలేదు. సమానంగా పెట్టినా పరువు పోతుందనుకుని 330 అని రాశాడు.

సాయంత్రానికి తమ్ముడి మేస్త్రీలు ఇద్దరు ఇటు వచ్చారు. మర్నాడు తమ్ముడూ 330 చేశాడు. ఆపైన ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. అమ్మిన ప్రతి బస్తా మీదా ఇద్దరికీ ఇరవై రెండు నష్టం. సిమెంటాయనకు సొంత గోడౌను ఉంది, తట్టుకున్నాడు. తమ్ముడిది అద్దె కొట్టు, అప్పు సరుకు. రెండు నెలలకు షట్టరు దించేశాడు.

తాళం చెవి కొట్టు యజమానికి ఇచ్చేసి, తమ్ముడు ఇటు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మొదలుపెట్టింది నువ్వే కదరా," అన్నాడు ఈయన.

"అవి మూడు నెలలు దాటిన నలభై బస్తాలు అన్నయ్యా. గడ్డకట్టేలోపు వదిలించుకుందామని రాశాను. ఒక్క పూటలో అయిపోయాయి. బోర్డు మార్చేలోగా నువ్వు కొత్త సరుకు 330కి పెట్టావు. నా మేస్త్రీలు నీ ధర చూపించి అడిగితే ఏం చెయ్యను?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"నువ్వు డ్రైవర్ని పంపావు. నువ్వే రావొచ్చుగా."

అన్నదమ్ముల అనుబంధం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. బస్తా మీద అచ్చువేసిన తయారీ వారం చదివేవాడు ఒక్కడు ఉంటే ఆ కొట్టు నిలిచేది. ఆ రోజు రోడ్డు దాటడానికి ఇరవై అడుగులు.

తమ్ముడు ఇప్పుడు వేరే ఊళ్లో ఎవరిదో గోడౌనులో బస్తాలు లెక్కపెడుతున్నాడు. ఈయన ఫోను చేస్తే ఎత్తడు. అక్కకు మాత్రం ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు, అన్నయ్య మాట ఎత్తకుండా. సిమెంటాయన బోర్డు మీద మళ్లీ 375 ఉంది. ఎదుట చూడ్డానికి ధరేదీ లేదు.

తమ్ముడు సిమెంటు కంపెనీకి ఇంకా లక్షా పద్దెనిమిది వేలు బాకీ ఉన్నాడు.